వరసలో మొదటి నంబరు నాది

ముందు పోయినవి లెక్కపెడతాను. ఆ సోమవారం ఒక్కరోజే రెండు వందల ఎనభై తొమ్మిది మంది రైతుల చెరకు వంతులు పోయాయి. వంతుకు సగటున ఆరు టన్నులు వేసుకుంటే, పదిహేడు వందల ముప్పై నాలుగు టన్నుల చెరకు ఫ్యాక్టరీకి రావలసిన రోజున రాలేదు. ఆడించడానికి చెరకు లేక మిల్లు ఏడు గంటలు ఆగింది. కత్తులు నూరుకుని కూర్చున్న కోత ముఠాలకు రోజు పోయింది. ఆరు వేల ఆరు వందల అరవై మెసేజ్‌లు మా దగ్గర్నుంచి బయలుదేరాయి. చివరిది చేరవలసిన వేళకంటే ఐదు గంటల ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరింది. బొత్తిగా ఆలస్యం కాని మెసేజ్ మాత్రం ఒకటుంది. అది నా ఫోన్‌కు వచ్చింది.

నర్సీపట్నంలో ఎరువుల కొట్టు మీద మేడగదిలో మా ఆఫీసు. ఇరవై రెండేళ్లు చెరకు కాటా దగ్గర బరువులు రాసిన తర్వాత, కంప్యూటర్లో పట్టికలు కట్టడం నాకు నేనే నేర్చుకుని, ఇంజనీరు చదివిన ఒకామెతో కలిసి ఈ పని పెట్టాను. పని చిన్నది. ఫ్యాక్టరీవాళ్లు రోజూ సాయంత్రం మర్నాటి వంతుల జాబితా పంపుతారు. తెల్లవారుజామున ఐదింటికి మేం ప్రతి వంతుకూ మూడు మెసేజ్‌లు పంపుతాం: రైతుకు ఒకటి, కోత ముఠా మేస్త్రీకి ఒకటి, ట్రాక్టరు డ్రైవరుకు ఒకటి. ‘ఈరోజు మీ వంతు, సాయంత్రం ఆరులోగా లోడు యార్డుకు చేరాలి’ అని. మెసేజ్‌లను మేం స్వయంగా ఫోన్లకు చేర్చలేం. సిటీలో ఉన్న ఒక మెసేజ్ కంపెనీకి ఇస్తాం, వాళ్లు టెలికాం లైన్ల మీద పంపుతారు.

ఈ పద్ధతి రాకముందు యార్డు తిరనాళ్లలా ఉండేది. వంతు ఉన్నవాడూ లేనివాడూ లోడు వేసుకుని వచ్చేసేవాడు. రెండేసి రోజులు ట్రాక్టర్లు ఎండలో నిలబడి చెరకు ఎండిపోయేది. అందుకని ఊరూరా తిరిగి ఒకటే మాట చెప్పాను: మెసేజ్ వస్తేనే కత్తి పట్టండి, రాకపోతే కదలకండి. రోలుగుంట వైపు ఒక రైతు ఉంది. నాకంటే పదేళ్లు పెద్ద, మా వైపు అక్కను పిలిచినట్టు అప్పా అని పిలుస్తాను. రెండెకరాల చెరకు ఒక్కతే చేసుకుంటుంది. ముందటేడు ఆమె మెసేజ్ లేకుండా లోడుతో వచ్చేస్తే యార్డులో పదిమంది ముందు కసిరాను. “ఇంకెప్పుడూ రానులే తమ్ముడూ, నువ్వు సెప్పినప్పుడే వస్తాను” అని వెళ్లిపోయింది. ఆ మాట మీద ఆమె నిలబడింది. ఈ కథంతా అందుకే.

సోమవారాలకు ఇంకో ఆనవాయితీ ఉంది. అదీ నేను పెట్టిందే. వారం మొదట్లో చెరకు రైతులందరికీ, వంతు ఉన్నా లేకున్నా, ఒక నమస్కారం పంపేవాళ్లం. అందులో ఆ వారం యార్డు వేళలు, రెండు మంచి మాటలు. మనిషి ఎదురైతే ముందు దండం పెట్టి తర్వాత కదా పని మాట్లాడతాం! అందుకని నాలుగూ యాభైకి ఐదు వేల నాలుగు వందల నమస్కారాలు బయలుదేరేవి. వాటి వెనక ఐదింటికి పన్నెండు వందల అరవై వంతు మెసేజ్‌లు. మామూలు రోజుల్లో లైను నిమిషానికి ఆరు వందలు మోసేది. నమస్కారాలు తొమ్మిది నిమిషాల్లో అయిపోయేవి, వంతులు ఇంకో రెండు నిమిషాల్లో. ఐదూ మూడుకల్లా మొత్తం పని పూర్తి. దండం ముందు పెట్టినందువల్ల ఎవరికీ ఏ నష్టమూ కనపడలేదు.

అన్నీ వెళ్తున్నాయో లేదో చూసుకోవడానికి నా నంబరు జాబితాలో అన్నిటికన్నా పైన పెట్టుకున్నాను. కాటా తెరవగానే తెలిసిన బరువు ఒకటి పెట్టి ముల్లు చూసేవాణ్ణి. ఇదీ అలాంటిదే అనుకున్నాను. ఆ సోమవారం కూడా నాలుగూ యాభైకి ఫోన్ మోగింది. నా నమస్కారం నాకు చేరింది. నిశ్చింతగా పాలు కాచుకోవడానికి లేచాను.

ఏడున్నరకు మాకవరపాలెం వైపు మేస్త్రీ ఒకాయన ఫోన్ చేశాడు.

“బాబూ, నిన్న ఆదివారం సర్చికి తప్ప గడప దాటనేదు. తెల్లారకుండానే కత్తులు నూరుకొని కూకున్నాం. ఈయాల మాకు పని నేదేటి?”

“వంతు ఉంది. మెసేజ్ వచ్చే ఉంటుంది, సరిగ్గా చూడండి.”

“సూసేనండి. నాకు కళ్లజోడున్నాది గానీ మెసేజే నేదు.”

వెనక పదిమంది నవ్వడం వినిపించింది. ఆయన కొనసాగించాడు. “పోనీ మీరు నోటితో సెప్పినా ఎల్తాం. కానీ రైతు మెసేజ్ రానిదే తోటలోకి అడుగెట్టనివ్వడు. మీరే కదా అలా నేర్పీసినారు.”

ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లేసరికి మా ఇంజనీరమ్మ తెర ముందు కూర్చుని ఉంది. అంతా ఆకుపచ్చగా ఉంది. పంపినవి ఆరు వేల ఆరు వందల అరవై, చేరినవి ఆరు వేల ఆరు వందల అరవై.

“అన్నయ్య గారూ, ఒక్కటి కూడా పోలేదు. అన్నిటికీ చేరినట్టు రసీదు వచ్చింది. ఐదూ మూడుకల్లా అయిపోయాయి.”

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటి కూడా.”

నాకు అనుమానం వచ్చింది అక్కడే. రోజూ నూటికి ఇద్దరో ముగ్గురో ఫోన్ ఆపేసి ఉంటారు, చార్జింగు ఉండదు, సిగ్నలు ఉండదు. వాళ్లకు చేరలేదని ఎర్రగా చూపిస్తుంది. “ఇవాళ ఆరు వేల పైచిలుకు ఫోన్లూ ఒకేసారి చార్జింగు పెట్టుకుని కూర్చున్నాయా అమ్మా?” అన్నాను.

ఆమె తెరవైపు ఇంకోసారి చూసి, “అయ్యో, ఎరుపు లేకపోవడమే తప్పు కదా!” అంది. వెంటనే మెసేజ్ కంపెనీకి రాసింది. వాళ్ల జవాబు రెండు వాక్యాలు. నాలుగున్నర దాటాక తమ ప్రధాన లైను పడిపోయిందట. సిస్టమ్ దానంతట అదే ప్రత్యామ్నాయ లైనుకు మారింది కనుక మెసేజ్‌లకు ఏ నష్టమూ జరగలేదట.

వంతు మెసేజ్‌లు తొమ్మిదిన్నర ముందూ వెనకా మొదలై పదిన్నర లోపల దాదాపు అందరికీ వచ్చిపడ్డాయి. అప్పటికి ముఠాలు చాలామటుకు జీడితోటల పనికో ఇంకో పనికో వెళ్లిపోయాయి. ఆ రోజు వంతులు నాలుగు వందల ఇరవై. ఫ్యాక్టరీ ఫీల్డ్‌మన్లను ఫోన్లో అడిగి తెలుసుకుని నూట ముప్పై ఒక్క మంది లోడు తెచ్చారు. మిగతావాళ్లు నేను నేర్పినట్టే కదలకుండా కూర్చున్నారు.

ఫ్యాక్టరీ నియమం ఏమిటంటే, మెసేజ్ అందీ రానివాడి వంతు వరస చివరికి పోతుంది. ఆ సీజనులో చివర అంటే ఇరవై ఆరు రోజుల తర్వాత. అప్పటికి చెరకు పూత వెన్ను తీసి, లోపల బెండుపట్టి, బరువు తగ్గుతుంది. రోలుగుంట అప్పకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఆమె ముఠా ఇరవై రోజుల్లో వేరే జిల్లాకు పనికి వెళ్లిపోతుంది. రెండెకరాలకోసం కొత్త ముఠా రాదు. రసీదుల ప్రకారం అందరికీ ఐదూ మూడుకల్లా మెసేజ్ అందింది. అంటే రెండు వందల ఎనభై తొమ్మిది మందీ తప్పు చేసినట్టే. గురువారం మా ఆఫీసులోనే సమీక్ష పెడదామని ఫ్యాక్టరీ కేన్ మేనేజరు గారు చెప్పారు. చేతిలో మూడు రోజులు కూడా లేవు.

రసీదులు అబద్ధమని నోటితో అంటే సరిపోదు. మంగళవారం, బుధవారం బండి మీద కోటవురట్ల, మాకవరపాలెం, రోలుగుంట మండలాల్లో తిరిగి నలభై మూడు ఫోన్లు చూశాను. పుస్తకంలో నాలుగు గడులు గీసుకున్నాను: మా జాబితాలో ఆ మెసేజ్ వరస సంఖ్య, ఫోన్‌లో అది వచ్చిన వేళ, ఇప్పుడు ఆ ఫోన్ చూపే గడియారం, నా చేతి గడియారం. నాలుగో గడి చూసి ఒక రైతు నవ్వాడు. “నా ఫోన్‌కి జొరం సూస్తన్నావేటి బాబూ?” ఆయన ఫోన్ గంటా పది నిమిషాలు వెనక ఉంది. అలా గడియారం తప్పిన ఆరు ఫోన్లను పక్కన పెట్టేశాను. ముప్పై ఏడు మిగిలాయి.

అప్ప పెరట్లో చెరకు ఆకు మోపు కడుతోంది. ఫోన్ ఇమ్మంటే కొంగుకు చేతులు తుడుచుకుని ఇచ్చింది. నమస్కారం ఉంది. వరస సంఖ్య మూడు వేల ఎనిమిది వందలు, వచ్చిన వేళ సరిగ్గా ఎనిమిది. వంతు మెసేజ్ లేదు.

“చెరిపేశావా అప్పా?”

“సెరపడం నాకు రాదు. మా మనవరాలు నేర్పుతానంటే వద్దన్నాను, ఉన్నవి పోతాయని. అదిగో సూడు, ముందటేడు నువ్వు పంపినవి కూడా ఉన్నాయి.”

నిజమే. మూడేళ్ల మెసేజ్‌లు ఉన్నాయి. ఇది ఒక్కటే లేదు.

“దండం ఎనిమిదింటికొచ్చింది. ఎనకాలే పనొస్తాదని గుమ్మంలో కూకున్నాను. మేస్త్రీ పదిన్నరకొచ్చి ‘నాకొచ్చింది, నీకు రానేదా’ అన్నాడు. రానేదు, రాకుండా కదిల్తే తమ్ముడు తిడతాడన్నాను.” ఆమె మోపు బిగించి ముడివేసింది. “బేగి ఏదో ఒకటి సెయ్యి. మేస్త్రీ ఎల్లిపోతే నా తోట ఎవుడు కొడతాడు?”

ఆ రాత్రి భోజనానికి ముందే లెక్క తేలింది. ఐదు వేల ఐదు వందలవ మెసేజ్ తొమ్మిదీ ఇరవై ఐదుకు చేరింది. ఐదు వేల తొమ్మిది వందలవది తొమ్మిదీ నలభై ఐదుకు. నాలుగు వందల మెసేజ్‌లకు ఇరవై నిమిషాలు, అంటే నిమిషానికి ఇరవై. కాగితం మీద చుక్కలు పెట్టి చూస్తే ముప్పై ఏడు ఫోన్లూ ఒకే గీత మీద కూర్చున్నాయి. గీతను వెనక్కి జరుపుకుంటూ పోతే నాలుగూ యాభైకి వచ్చి ఆగింది. అది మా మొదటి మెసేజ్ బయలుదేరిన వేళ, నా ఫోన్ మోగిన వేళ. ప్రత్యామ్నాయ లైను నిమిషానికి ఇరవై మాత్రమే మోసింది. ముందున్న ఐదు వేల నాలుగు వందల నమస్కారాలు తరలడానికే నాలుగున్నర గంటలు పట్టింది. వంతులు వాటి వెనక ఇరుక్కున్నాయి. నేను మాత్రం వరసలో ముందు నిలబడి, దారి బాగుందని ఇంటికి పోయాను.

గురువారం పదకొండింటికి కేన్ మేనేజరు గారు వచ్చారు. మెసేజ్ కంపెనీ ఆయన సిటీ నుంచి వీడియో కాల్లో కూర్చున్నాడు. మా ఇంజనీరమ్మ మొదటే చెప్పింది: “ఎవరు చేశారని కాదండీ, ఏం జరిగిందో, అలా జరగడానికి మన పనిలో ఏముందో అదే రాసుకుందాం.”

“అయితే నాదే ముందు రాయమ్మా,” అన్నాను. నమస్కారం ముందు పెట్టడం నా ఆనవాయితీ. చూసుకునే నంబరు వరస మొదట పెట్టడం నా పొరపాటు. మెసేజ్ తప్ప వేరే దారి లేకుండా రైతుల్ని కట్టెయ్యడం నా బోధన. మూడూ రాయించాను.

కంపెనీ ఆయన మర్యాదగా మాట్లాడాడు. “సార్, మీ వైపు విషయాలు మీరు చెప్పారు, సంతోషం. మా రికార్డుల్లో మాత్రం వంద శాతం డెలివరీ ఉంది.”

“మీ రికార్డులో ఐదు వేల ఐదు వందలవ మెసేజ్ ఎన్నింటికి చేరిందండీ?”

ఆయన చూసి చెప్పాడు. “ఐదు గంటల పది సెకన్లకు.”

“నేను చూసిన ఫోన్‌లో తొమ్మిదీ ఇరవై ఐదు.”

మేనేజరు గారు కుర్చీలో వెనక్కి వాలారు. “ఫోన్ గడియారం ఎవడైనా తిప్పుకోవచ్చు కదండీ. వంతు పోయినవాడు ఏమైనా చేస్తాడు.”

“ఒకడు తిప్పుతాడండీ. మూడు మండలాల్లో ముప్పై ఏడు మంది, ఒకరి మొహం ఒకరికి తెలియనివాళ్లు, తమ వరస సంఖ్య ఎంతో కూడా తెలియనివాళ్లు, తిప్పి తిప్పి అందరూ ఒకే తిన్నని గీత మీదకు తెచ్చారంటారా?” పుస్తకం ఆయన ముందుకు తోశాను.

ఆయన జేబులోంచి పెన్ను తీసి నాలుగైదు వరసలు తనే భాగించి చూసుకున్నారు. ఇరవై, ఇరవై, ఇరవై. పెన్ను మూసి, తెరవైపు తిరిగి, “ఏమండీ, మీ రెండో లైను నిమిషానికి ఎన్ని మోస్తుంది?” అన్నారు.

తెర మీద ఆయన తన టెక్నికల్ మనిషిని కలుపుకున్నాడు. పది నిమిషాలు వాళ్లలో వాళ్లు మాట్లాడుకుని వచ్చి ఒప్పుకున్నారు. లైను పడిపోయినప్పుడు వాళ్ల ఖాతాదారులందరూ ఒకేసారి ఆ రెండో లైనుకే మళ్లుతారు. మా వాటాకు నిమిషానికి ఇరవై వచ్చింది. రసీదు సంగతి ఇంకా విచిత్రం. ప్రధాన లైనులో ఫోన్‌కు చేరాక రసీదు వస్తుంది. రెండో లైనులో మెసేజ్‌ను క్యూలోకి తీసుకోగానే ‘చేరింది’ అని ఇచ్చేస్తుంది.

“అంటే కాటాకు రాకముందే తూకం చీటీ రాసిచ్చేశారన్నమాట,” అన్నారు మేనేజరు గారు. తెర అవతల ఎవరూ నవ్వలేదు గానీ ఇవతల మేం ముగ్గురం నవ్వాం.

అక్కడికక్కడే రెండు వందల ఎనభై ఎనిమిది వంతులు తిరిగి వచ్చాయి. ఆ వారంలోనే సర్దుతామన్నారు. అప్పది ఆగిపోయింది. “మిగతా అందరికీ ఆలస్యంగానైనా మెసేజ్ వచ్చింది. ఆమెకు అసలు రాలేదంటున్నారు. ముప్పై ఏడు ఫోన్ల గీత మీద ఆమె వంతు మెసేజ్ చుక్క లేదు కదండీ. రేపు ఇంకో పదిమంది చెరిపేసుకుని వస్తారు, నేనేం చెప్పను?” మేనేజరు గారు అన్నదాంట్లో తప్పు లేదు. లెక్కతో గెలిచినవాణ్ణి, లెక్క లేనిచోట దయ అడగలేను. కంపెనీవాళ్లను ఒకటి అడిగాను: రసీదులు వద్దు, రెండో లైను నుంచి టెలికాం వాళ్లకు నిజంగా అప్పజెప్పినవాటి జాబితా కావాలి.

అది మంగళవారం వచ్చింది. ఈలోగా ఐదు రోజులు గడిచాయి. మేస్త్రీ వెళ్లడానికి పన్నెండు రోజులే మిగిలాయి. ఇద్దరం కూర్చుని వరస వరస సరిచూశాం. అప్పజెప్పినవి ఆరు వేల ఆరు వందల నలభై మూడు. పదిహేడు తక్కువ. అందులో పన్నెండు నమస్కారాలు, ఐదు వంతులు. ఐదింట్లో రెండు మేస్త్రీలవి, రెండు డ్రైవర్లవి, ఒకటి రైతుది. ఆ రైతు నంబరు చూసి మా ఇంజనీరమ్మ టేబుల్ మీద చరిచింది. “అప్పే అన్నయ్య గారూ! అప్ప చెరపలేదు!”

కాగితం తీసుకుని కేన్ ఆఫీసుకు వెళ్లాను. మేనేజరు గారు నంబరు వెతికి, లేదని చూసి, జాబితాలో శుక్రవారం గడిలో ఆమె పేరు రాశారు.

ఆ శుక్రవారానికి మా పద్ధతి మారిపోయింది. వంతులకు విడిగా ఒక వరస, అది అన్నిటికన్నా ముందు. నమస్కారాలు ఎనిమిది దాటాక. వంతు మెసేజ్ గంటలో చేరకపోతే దానంతట అదే రద్దయి మాకు తెలిసేలా గడువు పెట్టాం, రద్దయినవారికి మేమే ఫోన్ చేస్తాం. రసీదులు అన్నీ పచ్చగా ఉంటే కూడా గంట మోగుతుంది. వంతుల జాబితా ముందురోజు సాయంత్రమే కాటా దగ్గరా, ఊళ్లో పాలకేంద్రాల దగ్గరా అంటిస్తారు. నా నంబరు ఇప్పుడు వరసలో ఆఖరిది. నాకు చేరిందంటే అందరినీ దాటి వచ్చినట్టే. రెండు సీజన్లు గడిచాయి. ఈమధ్యలో ఆ లైను ఇంకో మూడుసార్లు పడింది. వంతు ఒక్కటీ పోలేదు. ఈ మాట చెప్పడానికి నాకు సంకోచం లేదు.

ఆ శుక్రవారం ఐదూ రెండుకు అప్పకు మెసేజ్ వెళ్లింది. అయినా నేను ఫోన్ చేశాను.

“వచ్చిందిలే తమ్ముడూ, ముఠా తోటలో దిగీసినారు. పనప్పుడు మాటలేటి?” అని పెట్టేసింది.

సాయంత్రం నాలుగింటికి ఆమె లోడు కాటా ఎక్కింది. ఐదు టన్నుల తొమ్మిది వందల కిలోలు. ట్రాక్టరు దిగి, కొంగు దులుపుకుని, నా దగ్గరకు వచ్చి ఫోన్ చూపించింది. “ఇది సరే. మరి ఆ సోమారం మెసేజ్ ఎక్కడున్నాది? నువ్వు పంపినావు, నాకు రానేదు. మద్దెలో ఎవుడికాడున్నాది?”

“తెలుసుకుని చెప్తాను అప్పా.”

కంపెనీకి రాశాను. లైను మారే సమయంలో పోయి ఉండవచ్చన్నారు. అలా అయితే మొదట్లోవి పోవాలి. పోయినవి జాబితా అంతటా చెదిరి ఉన్నాయి. ఊరిని బట్టి చూశాను, టెలికాం కంపెనీని బట్టి చూశాను, చివరి అంకెను బట్టి చూశాను. ఏ గీత మీదా కూర్చోవు. మళ్లీ రాశాను. పరిశీలనలో ఉందన్నారు. ప్రతి సీజను మొదట్లో ఒకసారి రాస్తాను, అదే జవాబు వస్తుంది. కాటా దగ్గర కనపడ్డప్పుడల్లా అప్ప అదే ప్రశ్న అడుగుతుంది. ఆ సమీక్ష కాగితంలో అన్ని గడులూ నింపాం. ఒక్క గడి ఖాళీగా ఉంది. దాని పక్కన పెన్సిలుతో రాసిన అంకె ఇంకా అలాగే ఉంది: పదిహేడు.